ప్రార్థనలో తొంభై రూపాయలు

దేవసహాయం గారిని చర్చిలో చూసినవాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుందట. నాకు ఆయన్ని ముందు వరుసలో చూసిన మొదటి ఆదివారమే ఒళ్ళు మండింది. పోలీసు యాక్షన్ ముగిసీ ముగియకముందే మిలిటరీ లారీల వెనకాల గుంటూరు వైపు నుంచి ఊడిపడ్డ మనిషి, ఏడాది తిరక్కుండా మా సంఘానికి పెద్ద అయి కూర్చున్నాడు. పాటకు అందరికన్నా ముందు లేస్తాడు. కానుక పళ్ళెంలో నోటు వేసేటప్పుడు నలుగురికీ కనబడేలా మడత విప్పి మరీ వేస్తాడు. మా సికింద్రాబాద్ మాట వింటే ఆయనకు ఎక్కడలేని జాలి. "ఉర్దూ బాగా కలిసిపోయిందమ్మా మీ భాషలో, పాపం" అంటాడు. ఆ పాపపు ఉర్దూ మాట్లాడే జమాలుద్దీన్ సాబ్ దగ్గరే మేనేజరు ఉద్యోగం చేస్తూ, ఆయన ఇచ్చిన జీతంతోనే చర్చికి వేసుకొచ్చే కోటు కుట్టించుకున్నాడు.

జమాలుద్దీన్ సాబ్‌కు జేమ్స్ స్ట్రీట్‌లో ఆయిల్ ఇంజన్లు, నీళ్ళ పంపులు అమ్మే పెద్ద దుకాణం. బోర్డు మీద 'జమాలుద్దీన్ అండ్ బ్రదర్స్' అని ఉంటుంది కానీ ఆ బ్రదర్స్ ఇద్దరూ కరాచీ వెళ్ళిపోయారు. నిన్నమొన్నటి దాకా సర్కారుకు ఏ అర్జీ పెట్టాలన్నా మున్షీ ఉర్దూలో రాస్తే సరిపోయేది. ఇప్పుడు ఆఫీసుల నిండా మద్రాసు నుంచి, నాగపూర్ నుంచి వచ్చిన అధికారులు. ఇంగ్లీషులో టైపు చేసిన కాగితమైతేనే కళ్ళు తెరుస్తారు. పోలీసులు రెండుసార్లు వచ్చి సాబ్‌ను విచారించి పోయాక, ఈ కొత్తవాళ్ళ వరస తెలిసిన మనిషి ఒకడు ఉండాలని దేవసహాయం గారిని పెట్టుకున్నారు. ఆయన ఇంగ్లీషు ఉత్తరం మొదలుపెట్టడం, ముగించడం బాగా చేస్తాడు. నడుమ రాయడానికి ఇంకొకరు కావాలి. అందుకే షార్ట్‌హ్యాండు తెలిసిన టైపిస్టు కోసం వెతుకుతున్నారని, అక్కడ గుమస్తాగా ఉన్న మా సంఘం ప్రభుదాస్ అన్న చర్చి మెట్ల మీద నా చెవిన వేశాడు.

నేను అప్పటికి మిషన్ ఆడపిల్లల స్కూల్లో ఇంగ్లీషు, టైపు నేర్పుతున్నాను. జీతంతో పాటు కాంపౌండ్‌లో ఒక గది. ఆ గదిలో నాతో పాటు కాంతమణి అక్క ఉంటోంది. తెల్లవాళ్ళ పటాలం వెళ్ళిపోవడంతో వాళ్ళ ఆసుపత్రిలో అక్క ఉద్యోగమూ పోయింది. మిషన్ గది టీచర్లకే తప్ప టీచర్ల చుట్టాలకు కాదని స్కూలు నడిపే దొరసాని గారికి అప్పుడు గుర్తొచ్చింది. ఈ నెలాఖరుకు అక్క బయటికి నడవాలి. ఎక్కడికి అంటే దానికి దొరసాని గారి దగ్గర జవాబు లేదు, ప్రభువు దారి చూపిస్తాడని మాత్రం ఉంది. సీతాఫల్‌మండిలో నూర్‌బీ అనే ఆవిడ వెనకవైపు రెండు గదులు అద్దెకిస్తానంది. మిషన్ వదిలి ఆ గదుల్లో ఇద్దరం బతకాలంటే నూట పది కల్దార్ రూపాయల జీతం ఉండి తీరాలి. దానికి రూపాయి తగ్గినా నేను కాంపౌండ్‌లో, అక్క వీధిలో.

బయల్దేరేముందు అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఎంతిస్తమంటే గంతకు సరే అను. బేరం గిట్ల చెయ్యకు. మనం క్రైస్తవులం, మంచిగుండదు" అంది.

మా వాళ్ళందరిదీ ఇదే జబ్బు. మిషన్‌లో జీతం ఎంతని ఎవరూ అడగరు. కమిటీ నిర్ణయిస్తుంది, దొరసాని చదువుతుంది, మనం లేచి నిలబడి థాంక్యూ అంటాం, తర్వాత ప్రార్థన. పదకొండేళ్ళు నేనూ అలాగే లేచి నిలబడ్డాను. డబ్బు మాట ఎత్తితే ఆత్మ మైలపడుతుందని మాకు నూరిపోసినవాళ్ళు వేసవి రాగానే ఊటీకి పోతారు. అక్కతో వాదించే ఓపిక లేక చీర కుచ్చిళ్ళు సర్దుకుని బయల్దేరాను.

దుకాణం ముందు హాల్లో ప్రభుదాస్ అన్న కూర్చుని ఏవో బిల్లులు రాస్తున్నాడు. నలభై దాటిన మనిషి, నలుగురు పిల్లల తండ్రి. నన్ను చూసి సంతోషంగా లేచాడు. "లోపట ఉన్నరు పో చెల్లె. మంచి మనిషే, భయపడకు" అన్నాడు. మంచి మనిషి గురించి భయపడకు అని ఎవరూ చెప్పరని అన్నకు తోచలేదు.

దేవసహాయం గారు నన్ను కూర్చోమని, ఒక ఉత్తరం చెప్పి రాసుకోమన్నాడు. పంపుల పర్మిటు కోసం సర్కారుకు రాసే ఉత్తరం. షార్ట్‌హ్యాండులో రాసుకుని, పక్కనే ఉన్న టైపు మిషన్ మీద కొట్టి ముందు పెట్టాను. తప్పు కోసం పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాడు. దొరకలేదు. "ఫరవాలేదు" అన్నాడు, బిచ్చం వేసినట్టు.

"వందనాలు చెప్పుకోవాలమ్మా దేవునికి. మన బిడ్డ ఒకతి మన దగ్గరికే వచ్చింది" అని కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే, మిషన్ వాళ్ళు ఎంత ఇస్తున్నారు నీకు?"

ఇది మొదటి ఉచ్చు. యాభై అని నోరు జారానా, అరవై ఇచ్చి ఉద్ధరించినట్టు మొహం పెడతాడు.

"అది టీచర్ పని సార్. ఇది వేరే పని. ఈ పనికి ఎంతనేది మాట్లాడుకుందాం."

"చెప్తే తప్పేముందమ్మా? మనం మనం ఒకటే సంఘం కదా."

"నేను సంఘం పని మీద రాలే సార్."

ఆయన నవ్వు కాస్త సన్నబడింది. "సరే. నీ ఉద్దేశం ఎంత?"

దీనికి జవాబును దారిపొడుగునా నోట్లో తిప్పుకుంటూ వచ్చాను. మీ దయ, మీ ఇష్టం, వీలైతే, ఎంతోకొంత: ఇలాంటి మాటలన్నీ ఒక్కొక్కటే ఏరి పారేశాను. మిగిలింది ఇదీ.

"షార్ట్‌హ్యాండు, టైపు, ఇంగ్లీషు ఉత్తరాలు సొంతంగ రాసుడు, మూడూ చేస్త సార్. యుద్ధం రోజులల్ల స్కూలు అయినంక బొల్లారం మిలిటరీ ఆఫీసుల గిదే పని చేసిన. నూట నలభై కల్దార్ అడుగుతున్న."

చెప్పి నోరు మూశాను.

అడగడం కష్టమనుకుంటారు కానీ అసలు కష్టం అడిగాక ఊరుకోవడం. అంకె బయటపడగానే నాలుక దానికి క్షమాపణ చెప్పాలని తహతహలాడుతుంది. ఎక్కువైతే చెప్పండి సార్, తగ్గించుకుంటా అని తనే తగ్గించేస్తుంది, ఎదుటివాడికి శ్రమ లేకుండా. నేను మాత్రం ఊరుకోవడం ఎవరి దగ్గర నేర్చుకోవాలో వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. మా దొరసాని పిల్లల చేత తప్పు ఒప్పించాలంటే తిట్టదు, కొట్టదు. ఎదురుగా కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉంటుంది. చెయ్యని తప్పులు కూడా ఒప్పేసుకుంటారు. పదకొండేళ్ళలో ఆవిడ దగ్గర నేర్చుకున్నదాంట్లో పనికొచ్చింది ఇదొక్కటే. నేనూ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన్ని చూస్తూ కూర్చున్నాను.

దేవసహాయం గారు నవ్వాడు. నేను నవ్వలేదు. కలం మూత తీశాడు, పెట్టాడు. వీధిలో జట్కావాడెవడో గుర్రాన్ని తిడుతున్నాడు. ఆ తిట్లు పూర్తయ్యేదాకా ఆయన ఓర్చుకున్నాడు, అంతే.

"నూట నలభయ్యా! అమ్మా, ఇంత పెద్ద కంపెనీ నడుపుతున్న నాకే..." అని ఠక్కున ఆగాడు. తన జీతం తనే చెప్పబోయాడు. నేను ఆసక్తిగా చూసేసరికి మొహం తిప్పుకుని, "ఎనభై ఇస్తాం" అన్నాడు. "హాలీ."

హాలీ అంటే నిజాం సిక్కా. కల్దార్ అంటే ఇండియా సర్కారు రూపాయి. ఏడు హాలీలు పోస్తే ఆరు కల్దార్‌లు వస్తాయి. అంటే నేను అడిగినదాంట్లో సగానికి కోసి, మళ్ళీ ఆ సగానికి అంచు కత్తిరించి పెట్టాడు. అదేదో పెళ్ళివిందు వడ్డించినట్టు నా మొహం వంక చూస్తున్నాడు.

"ఎనభై హాలీ" అన్నాను. అడిగినట్టు కాదు, కోపంగా కాదు, అంగడి బోర్డు మీద రాసి ఉన్నది చదివినట్టు. మళ్ళీ ఊరుకున్నాను.

ఈసారి ఆయన అంతసేపు కూడా ఆగలేకపోయాడు. ఖాళీగా ఉన్న చోటల్లా మాటలు పోశాడు. కాలం బాగాలేదు, వ్యాపారం పడిపోయింది. జీతం మాత్రం ఒకటో తారీఖున చేతిలో పడుతుంది. ఆడపిల్లకు ఇలాంటి గౌరవమైన చోటు దొరకడమే భాగ్యం. అయినా నీకేం ఖర్చులుంటాయమ్మా, మొగుడా పిల్లలా, అన్నాడు.

"బియ్యం దుకాణపోడు ఆడోళ్ళకు వేరే ధర చెప్తలేడు సార్. నాతోని బొల్లారంల పనిచేసిన డోరా ఇప్పుడు ఒక కంపెనీల ఉంది. గిదే పనికి నూట ముప్పై కల్దార్ తీసుకుంటుంది. ఆమె సుత ఆడపిల్లనే."

"అందరితో పోల్చుకోవడం మనకు తగదమ్మా. తృప్తి ఉండాలి." గొంతు తగ్గించాడు, నాకు రహస్యంగా వరం ఇస్తున్నట్టు. "సరే, నీ కోసం సాబ్‌ను నేను ఒప్పిస్తా. తొంభై. ఇదే ఆఖరి మాట."

ఆఖరి మాట అంత తొందరగా వచ్చిందంటే వెనకాల ఇంకా మాటలున్నాయన్నమాట. ఇంతసేపు సన్నగా మండుతున్న ఒళ్ళు ఇప్పుడు చల్లబడింది. మనిషి మీద గౌరవం ఏ కాస్తయినా ఉంటే భయం ఉంటుంది. నాకు ఆయన మీద అది కాస్తయినా లేదు.

"పని నచ్చింది సార్, చెయ్యాలనే ఉంది. కానీ తొంభై హాలీకి చెయ్యలేను. నూట నలభై నా మాట. మీరు కల్దార్‌ల మాట్లాడి జెర దగ్గరికొస్తే, నేను సుత దగ్గరికొస్త."

అని మళ్ళీ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన గోడ గడియారం వైపు చూశాడు, నా వైపు చూశాడు, బల్ల మీద అద్దం కింద పెట్టిన తన కుటుంబం ఫోటో వైపు చూశాడు. నుదుట చెమట పట్టింది. నేను లేచి పోవడం లేదు, ఒప్పుకోవడం లేదు, ఏడవడం లేదు. ఇలాంటి ఆడదానితో ఏం చేయాలో ఆయనకు ఎవరూ నేర్పినట్టు లేదు. చివరికి మొహం వెలిగింది. రెండు చేతులూ జోడించాడు.

"ప్రార్థనలో పెడదామమ్మా" అన్నాడు. "కళ్ళు మూసుకో."

మా సంఘంలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతాను. ప్రార్థన చేసేవాడు ఎవడైనా కానీ, చివరన ఎదుటివాళ్ళు ఆమేన్ అనాలి. అంటే ఆ అడిగిన ప్రతి మాటకూ మనమూ సమ్మతించినట్టే. అనకపోతే ప్రార్థన ముగిసినట్టు కాదు, చేసినవాడు కళ్ళు తెరవకూడదు. ఊయలలో ఉన్నప్పటి నుంచి వింటున్న మాట కాబట్టి అది మెదడు దాకా పోదు, నాలుక మీదే కాచుకుని ఉంటుంది.

"కృపగల తండ్రీ" అని మొదలుపెట్టాడు దేవసహాయం గారు, చర్చిలో వాడే గొంతుతో. "నీ బిడ్డ ప్రేమమణి నీ సన్నిధికి వచ్చింది. దిక్కులేని ఆమెకు నువ్వు ఈ కంపెనీలో నెలకు తొంభై హాలీ రూపాయల చక్కటి ఉద్యోగం దయచేశావు. దానికై నీకు స్తోత్రం. ఆమెలో ఉన్న లోక సంబంధమైన ఆశను తీసివేయి. ఇచ్చినదానితో తృప్తి పొందే హృదయం దయచేయి. ఈ తొంభై రూపాయలను ఆశీర్వదించి వృద్ధి చేయి. అడిగి వేడుకుంటున్నాము తండ్రీ, ఆమేన్."

నేను కళ్ళు మూసుకోలేదు. ఆమేన్ అన్న మాట నా పళ్ళ దాకా వచ్చింది, నిజం. పెదవి కొరికి పట్టుకున్నాను. దేవుణ్ణి ఇంత చవగ్గా వాడుకునే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. తన నోటితో తగ్గించలేని ధరను దేవుడి నోట్లో కుక్కి తగ్గిస్తున్నాడు. అసహ్యం వేసింది. మిషన్‌లో థాంక్యూ చెప్పిన ఏళ్ళన్నిటి అసహ్యం కూడా దాంతో కలిసి పైకొచ్చింది.

ఆయన కాచుకున్నాడు. కనురెప్పలు వణుకుతున్నాయి. "ఆమేన్" అని ఇంకోసారి తనే అన్నాడు, దారి చూపిస్తున్నట్టు. నేను ఊరుకున్నాను.

"మరియు తండ్రీ" అని మళ్ళీ ఎత్తుకున్నాడు పాపం. "నీ చిత్తమైతే, తొంభై ఐదు రూపాయలైనా..."

నవ్వు ఆపుకోలేక చావొచ్చింది. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. జమాలుద్దీన్ సాబ్ మధ్యాహ్నం నమాజు ముగించుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నెరిసిన గడ్డం, ఈ మధ్య షేర్వానీ మానేసి తొడుక్కుంటున్న తెల్ల చొక్కా. చేతులు జోడించి కళ్ళు మూసుకున్న మేనేజరును, ఎదురుగా కళ్ళు తెరుచుకుని కూర్చున్న నన్ను మార్చి మార్చి చూశారు.

"ఏందమ్మా? సార్‌కు పానం బాగలేదా?" అన్నారు మెల్లగా.

లేచి సలాం చేశాను. "బాగనే ఉన్నరు సాబ్. నా జీతం దేవుణ్ణి అడుగుతున్నరు."

దేవసహాయం గారు ఒక కన్ను తెరిచాడు.

"దేవుణ్ణెందుకు పరేషాన్ చేస్తున్నవ్ దేవసాయం?" అన్నారు సాబ్. "జీతమిచ్చేది నేను గద."

అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను టైపు చేసిన ఉత్తరం బల్ల మీద ఉంటే తీసి చూశారు. ఇంగ్లీషు ఆయనకు అంతగా రాదు. కానీ కాగితం శుభ్రంగా ఉందో లేదో చూడ్డానికి భాష అక్కర్లేదు. "ఎంత అడిగినవ్ బేటీ?"

"నూట నలభై కల్దార్ సాబ్." అంకె మార్చలేదు, గొంతూ మార్చలేదు. ఏమేం చేయగలనో, ఇదివరకు ఎక్కడ చేశానో దేవసహాయం గారికి చెప్పినట్టే చెప్పి ఆపేశాను.

సాబ్ కూడా ఊరుకున్నారు.

ఇది వేరే ఊరుకోవడం. దేవసహాయం గారిది చెమట పట్టే మౌనం, ఈయనది కూర్చుని చాయ్ తాగేంత తీరికైన మౌనం. ఇంజన్లు అమ్మి జుట్టు నెరిసిన మనిషి. నాలాంటివాళ్ళ నోట్లో మాటలు ఎక్కడ తన్నుకుంటాయో ఆయనకు తెలుసు. నూట ముప్పై అయినా ఫరవాలేదు సాబ్ అనే మాట గొంతులో గంతులేసింది. అక్క మొహం కళ్ళ ముందు ఆడింది. మింగేశాను.

"నూట పది" అన్నారు చివరికి. "కల్దారే."

నూర్‌బీ ఇంటి రెండు గదులు నా ఒళ్ళో పడ్డట్టే. సరే అంటే అయిపోయింది, అక్క వీధిన పడదు. సరే అనే మాటను పట్టుకుని ఒక్క ఊపిరి తీశాను. నాకు చాలినంత అని నేను లోపల అనుకున్న అంకెకు, ఈ పని విలువకు ఏం సంబంధం? నా అద్దె సంగతి ఆయనకు తెలియదు, తెలియాల్సిన పని లేదు.

"సాబ్, నూట పదికి వస్త అనుకోన్రి" అన్నాను. "అబద్ధం చెప్ప. వచ్చిన నెల నుంచే ఇంకో చోటు చూసుకుంట. మళ్ళ మీకు ఇంకో మనిషిని దేవులాడే తక్లీఫ్. నూట ముప్పై ఇయ్యున్రి, నిమ్మళంగ మీ పని చేసుకుంట."

సాబ్ గడ్డంలోనే నవ్వారు. ఈసారి ఎక్కువసేపు ఆగలేదు.

"నూటిరవై. ఆరు నెలలు నీ పని చూస్త, మంచిగుంటే నూట ముప్పై. ఇద్దరు తమ్ముళ్ళు విడిచి పోయిన దుకాణం బేటీ ఇది. గింతకంటే నాతోని కాదు."

ఆ మాట నమ్మాను. చెప్పిన తీరులో వేషం లేదు. ఇంక లాగితే అది బేరం కాదు, ఆశ.

"మంచిది సాబ్. నూటిరవై కల్దార్. ఆరు నెలలకు పని చూసి నూట ముప్పై. గీ రెండు మాటలు కాగితం మీద ఇయ్యున్రి."

"నువ్వే రాసుకో. మిషన్ నీ ముంగటనే ఉంది."

నా నియామకం కాగితం నేనే టైపు చేసుకున్నాను. కల్దార్ అని స్పష్టంగా, ఆరు నెలల మాట విడిగా. తెలుగులో చదివి వినిపించాను. సాబ్ తల ఊపి సంతకం పెట్టి, కాగితం నా చేతికిస్తూ దేవసహాయం గారి వైపు తిరిగారు.

"నూటిరవై దాకా ఇయ్యమని నీకు మొన్ననే చెప్పిన గద దేవసాయం. మరి గింతసేపు ఏం చేసిన్రు ఇద్దరు?"

నూటిరవై మొన్నటి నుంచీ ఈ గదిలోనే ఉంది. ఈ మనిషి నోట్లోనే ఉంది. దాన్ని నాలుక కింద దాచుకుని తొంభై హాలీకి స్తోత్రం చెప్పమన్నాడు నన్ను. అలవాటు కొద్దీ ఒక్క ఆమేన్ అని ఉంటే మా అక్క ఈ నెలాఖరుకు పెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్డు మీద నిలబడేది, నేను వచ్చే ఆదివారం ఈయనకు చేతులు జోడించి కృతజ్ఞత చెప్పేదాన్ని. గెలిచానన్న సంతోషం కన్నా అదే ఎక్కువ మండింది.

"కంపెనీకి నాలుగు డబ్బులు మిగులుతాయని..." అని నసిగాడు దేవసహాయం గారు.

"మిగిలిస్తే పంపులల్ల మిగిలియ్యి" అని సాబ్ లేచి లోపలి గోదాములోకి వెళ్ళిపోయారు. పాపం, గట్టిగా అనలేదు. ఈ మనిషి అవసరం ఆయనకు ఇంకా ఉంది.

నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకుని గుమ్మం దాటుతుంటే దేవసహాయం గారు వెనకాలే వచ్చాడు. మొహానికి మళ్ళీ ఆదివారం వచ్చేసింది. "అమ్మా, ప్రేమమణీ! ఎంతకు కుదిరిందో సంఘంలో చెప్పకు. వినేవాళ్ళు ఆశ పుట్టి శోధనలో పడతారు. మన మధ్యనే ఉండనీ" అన్నాడు గుసగుసగా.

హాల్లో ప్రభుదాస్ అన్న అప్పటికే కలం కింద పెట్టి లేచాడు. "ఏమైంది చెల్లె? దొరికిందా?"

"దొరికింది అన్నా" అన్నాను. గొంతు తగ్గించుకోలేదు, హాలంతా వినబడేలా చెప్పాను. "నూటిరవై కల్దార్. ఆరు నెలలకు నూట ముప్పై. సాబ్ మొన్ననే గంత ఇయ్యమని చెప్పిండట. సార్ మాత్రం తొంభై హాలీ అని ప్రార్థన చేసిండు."

ప్రభుదాస్ అన్న మొహంలో నవ్వు పూర్తిగా విచ్చుకోకుండానే ఆగిపోయింది.

"నన్ను సుత గా రూంలనే కూసోబెట్టిండు" అన్నాడు మెల్లగా, నాతోనో తనతోనో. "అరవై హాలీ అని ప్రార్థన చేసిండు. నేను ఆమేన్ అన్న. ఇంటికి పోయి పిల్లలతోని సుత స్తోత్రం చెప్పిచ్చిన."

ఇన్నాళ్ళూ ఈ అన్నను చూసి, ఎంత మెత్తటి మనిషి అని లోలోపల నవ్వుకున్నదాన్నే. అన్నా, పోయి సాబ్‌నే అడుగు, ఈ పనికి ఇంత కావాలని చెప్పి ఊరుకో, అనబోయాను. అవసరం లేకపోయింది. ప్రభుదాస్ అన్న బల్ల వెనక నుంచి ఇవతలికి వచ్చి దేవసహాయం గారి ఎదుట నిలబడ్డాడు.

"సార్, సాబ్ నాకు ఎంత ఇయ్యమని చెప్పిండు?"

"ఏమిటది బాబూ, పని చూసుకో. బిల్లులు ఎక్కడివక్కడే ఉన్నాయి."

అన్న కదల్లేదు. కోపగించుకోలేదు, మళ్ళీ అడగలేదు. ఆ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆ ఊరుకోవడం అన్నకు ఎవరూ నేర్పలేదు. దేవసహాయం గారు నా వైపు చూశాడు, గోదాము తలుపు వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు. ఆయన చేతులు రెండూ వాటంతటవే లేచి ఒకదానికొకటి దగ్గరయ్యాయి.

ప్రభుదాస్ అన్న కళ్ళు మూసుకోలేదు.